రెండేళ్ల తర్వాతి రెజ్యూమె ఇవాళే రాసి చూస్తే

చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయనుకుందాం. ఒకటి అందరికీ తెలిసిన పెద్ద కంపెనీది, జీతం కూడా పదిహేను శాతం ఎక్కువ. రెండోది సరుకు రవాణా చేసే మధ్య తరహా కంపెనీది. దాని పేరు చెబితే పదిమందిలో తొమ్మిదిమంది "అదేం కంపెనీ?" అని అడుగుతారు. ఆఫర్లు అందుకున్నామె మూడేళ్ల అనుభవం ఉన్న డేటా అనలిస్ట్. ఇంట్లోవాళ్లూ స్నేహితులూ మొదటిదానికే వెళ్లమంటున్నారు. "పెద్ద పేరు ఒక్కసారి రెజ్యూమెలో పడితే చాలు, ఆ తర్వాత ఎక్కడికైనా వెళ్లొచ్చు" అన్నది వాళ్ల మాట.

ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ పేరు ఎవరి దగ్గర పనిచేస్తుంది, ఎంతకాలం పనిచేస్తుంది, ఎక్కడికొచ్చి ఆగిపోతుంది అన్నవి తెలియకుండా దాని విలువ కట్టలేం. ఒక ఉద్యోగం మన మార్కెట్ విలువను పెంచుతుందా, ఉన్నచోటే ఉంచుతుందా, తగ్గిస్తుందా అని చేరకముందే అంచనా వేయడానికి ఒక పద్ధతి ఉంది. రెండేళ్ల తర్వాత ఆ ఉద్యోగం గురించి రెజ్యూమెలో ఏం రాసుకోగలమో ఇవాళే రాసి చూడాలి. రాసిన వాక్యాలను, ఆ తర్వాత కావాలనుకుంటున్న ఉద్యోగ ప్రకటనల పక్కన పెట్టి చదవాలి. వినడానికి తేలికగా ఉంటుంది. కూర్చుని రాస్తే మాత్రం ఆఫర్ లెటర్లో కనిపించని సంగతులు చాలా బయటపడతాయి.

ముందు తర్వాతి ఉద్యోగం తేలాలి

చాలామంది లెక్క కంపెనీ పేరుతో మొదలై నైపుణ్యాల మీదుగా తర్వాతి ఉద్యోగం దగ్గర ముగుస్తుంది. ఈ వరసను తిరగేయాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు ఏ పేరుకు విలువ, ఏ నైపుణ్యానికి గిరాకీ అన్న ప్రశ్నలకు జవాబే ఉండదు. ఒకే పేరు ఒక దారిలో తలుపులు తెరుస్తుంది, ఇంకో దారిలో ఎవరికీ పట్టదు.

మన ఉదాహరణలోని ఆమెకు ప్రొడక్ట్ అనలిస్ట్ కావాలని ఉంది. అంటే రిపోర్టులు తీసి పంపే పని కాదు. ప్రొడక్ట్ టీమ్‌తో కూర్చుని ఏ మార్పు ప్రయత్నించాలి, దాన్ని ఎలా పరీక్షించాలి, ఫలితం చూసి ఉంచాలా తీసేయాలా అని చెప్పే పని. ఆమె చేయాల్సిన మొదటి పని, వేర్వేరు కంపెనీల నుంచి అలాంటి ప్రకటనలు ఓ ఇరవై పోగుచేయడం. రెండు మూడు చదివితే సరిపోదు. ఒక్కో కంపెనీ ఒక్కో చిత్రమైన కోరిక జతచేస్తుంది కాబట్టి, ఇరవై చదివితే గానీ అందరూ అడిగేదేదో, ఒక్కరే అడిగేదేదో తెలియదు.

చదివేటప్పుడు ఒక్కో షరతు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. ఆమె లెక్కలో ఇలా తేలిందనుకుందాం. ఎస్‌క్యూఎల్ పంతొమ్మిదింటిలో ఉంది. ప్రయోగాలు రూపొందించి ఫలితాలు విశ్లేషించడం పదిహేనింటిలో ఉంది. ప్రొడక్ట్, ఇంజనీరింగ్ టీమ్‌లతో కలిసి నిర్ణయాలను ప్రభావితం చేసిన అనుభవం పద్నాలుగింటిలో అడిగారు. పేరున్న కంపెనీలో పనిచేసి ఉండాలని మాత్రం మూడే మూడు ప్రకటనలు అన్నాయి. ఈ ఆఖరి అంకెను చూసి పేరుకు విలువ లేదని అనుకోకూడదు. పేరు ప్రభావం ప్రకటనలో కనిపించేది కాదు, షార్ట్‌లిస్ట్ చేసే చోట కనిపించేది. ప్రకటనలు కోరికల జాబితాలన్న సంగతి కూడా గుర్తుండాలి. సాధారణంగా మొదటి నాలుగైదు షరతులే గట్టివి, కింద "ఉంటే మంచిది" అని రాసేవాటిలో చాలా భాగం లేకపోయినా పిలుస్తారు.

నాలుగు వాక్యాలు రాయాలంటే ఏం అడగాలి

రెండేళ్ల తర్వాతి వాక్యాలు ఊహించి రాస్తే ప్రయోజనం లేదు. ఊహల్లో ఏ ఉద్యోగమైనా గొప్పగానే ఉంటుంది. ఇంటర్వ్యూ చివర "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు రాబట్టిన జవాబులే వాటికి ముడిసరుకు. అందులో రెండు ప్రశ్నలు బాగా పనికొస్తాయి. "ఈ సీట్లో చేరినవాళ్లు మొదటి ఆరు నెలల్లో ఏం పూర్తిచేయాలని అనుకుంటున్నారు?" అన్నది ఒకటి. "ఈ టీమ్ చెప్పినందువల్ల ఈ మధ్య మారిన నిర్ణయం ఒకటి చెప్పగలరా?" అన్నది రెండోది.

పెద్ద కంపెనీ మేనేజర్ మొదటి ప్రశ్నకు స్పష్టంగానే జవాబిచ్చాడు. వారంవారీ రిపోర్టులు ఉంటాయి, ఉన్న డాష్‌బోర్డులు చూసుకోవాలి, అంకెల్లో తేడా వస్తే ఫలానా టీమ్‌కు చెప్పాలి. రెండో ప్రశ్నకు కాసేపు ఆలోచించి, "నిర్ణయాలు వేరే గ్రూపు తీసుకుంటుందండీ, మనం డేటా అందిస్తాం" అన్నాడు. నిజాయతీగా చెప్పిన మాటే. కానీ ఆమెకు తెలియాల్సిన అసలు సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది. రెండో కంపెనీ మేనేజర్ అదే ప్రశ్నకు ఆగకుండా చెప్పుకుపోయింది. పార్సిళ్లను రూట్లకు కేటాయించే నియమం ఎలా ఉండేది, ఆలస్యాలు ఎక్కడ ఎక్కువయ్యాయి, ఏం మార్చారు, ఇంకా ఏం మార్చాలనుకుంటున్నారు అన్నీ వివరించింది. "ఈ పని ఇప్పుడు నేనే చేస్తున్నాను, వచ్చేవాళ్లకు అప్పగిస్తాను" అంది.

ఈ జవాబులతో ఆమె రాసుకున్న వాక్యాలు ఇవి. పెద్ద కంపెనీ కింద:

"పన్నెండుమంది మేనేజర్లకు వారంవారీ ఆపరేషన్స్ రిపోర్టులు తయారుచేశాను. సంస్థ సొంత రిపోర్టింగ్ టూల్‌లో నలభై డాష్‌బోర్డులు నిర్వహించాను. డేటా లోపాలను గుర్తించి సంబంధిత టీమ్‌లకు తెలియజేశాను."

రెండో కంపెనీ కింద:

"ఆలస్యంగా చేరుతున్న పార్సిళ్ల డేటా విశ్లేషించి, రూట్ కేటాయింపు నియమంలో మార్పు సూచించాను. నాలుగు డిపోల్లో ఎనిమిది వారాలు పరీక్షించాం. ఆలస్యాలు 14 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయి. ఆ నియమాన్ని మిగతా డిపోలకూ విస్తరించారు."

రెండోదాంట్లో అంకెలు ఇంకా జరగనివి, ఖాళీ పూరించడానికి పెట్టుకున్నవి. వాటిని పట్టించుకోనక్కర్లేదు. వాక్యం ఎలా ఉందన్నదే చూడాలి. ఇరవై ప్రకటనల్లో పదిహేను అడిగిన ప్రయోగం అందులో ఉంది, పద్నాలుగు అడిగిన నిర్ణయమూ ఉంది. మొదటిదాంట్లో రెండూ లేవు. మొదటిదాంట్లో క్రియలన్నీ "తయారుచేశాను, నిర్వహించాను, తెలియజేశాను" దగ్గరే ఆగిపోయాయి. దేన్నీ మార్చిన క్రియ ఒక్కటీ లేదు.

పేరు ఎక్కడ పనిచేస్తుంది

ఇక్కడికే పేరు గొప్ప ఊరు దిబ్బ అని మొదటి ఆఫర్‌ను తీసిపారేయకూడదు. పేరు చేసే పని వేరే చోట ఉంది.

రిక్రూటర్ ముందున్న స్క్రీన్‌ను ఊహించుకోండి. ఒక ఖాళీ కోసం వందల ప్రొఫైళ్లున్నాయి. అన్నీ చదవడం అయ్యే పని కాదు. అందుకే మొదట వెతుకుడు పెట్టెలో ఇలాంటిదేదో టైప్ చేస్తారు:

```
("product analyst" OR "data analyst") AND SQL AND ("A/B" OR experiment)
```

ఈ జల్లెడలో కంపెనీ పేరు లేదని గమనించాలి. మొదట పట్టేది హోదా పేరు, నైపుణ్యాల మాటలు. ఇవి తప్పితే ఎంత పెద్ద కంపెనీలో ఉన్నా ప్రొఫైల్ తెరమీదకే రాదు. ఇది దాటాక ఎనభై ప్రొఫైళ్లు మిగిలితే, వాటి మీద ఒక్కో దానికి కొన్ని సెకన్ల చూపు పడుతుంది. ఆ చూపులో కన్ను ఆగేది కంపెనీ పేరు మీదే. పేరు విలువంతా ఆ క్షణానిది. అది ఫోన్ కాల్ తెచ్చిపెడుతుంది.

ఎందుకు తెస్తుందో ఆర్థికవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లోనే వివరించాడు. ఉద్యోగం ఇచ్చేవాడికి వచ్చినవాళ్ల సామర్థ్యం నేరుగా కనిపించదు. కాబట్టి కనిపించే గుర్తుల మీద ఆధారపడతాడు. అందరికీ సులువుగా దొరికే గుర్తుకు విలువ ఉండదు, సామర్థ్యం లేనివాళ్లు తెచ్చుకోవడం కష్టమైన గుర్తే సంకేతంగా పనికొస్తుంది. ఆయన చదువు గురించి చెప్పినది కంపెనీ పేరుకూ సరిపోతుంది. పెద్ద కంపెనీ పేరు చెప్పేది "ఈ మనిషి ఒక కఠినమైన వడపోతను ఇప్పటికే దాటారు" అని. అంతకుమించి పెద్దగా చెప్పదు.

దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, పేరు ఇచ్చే లాభంలో ఎక్కువ భాగం చేరినప్పుడే వచ్చేస్తుంది. వడపోత దాటడం, ఏడాదో ఏడాదిన్నరో నిలదొక్కుకోవడం, అక్కడితో సంకేతం దాదాపు పూర్తవుతుంది. అదే సీట్లో నాలుగో ఏడు గడిపినా పేరు రెండింతలు కాదు. పైగా ఎదుటివాళ్లకు "ఇంతకాలం అదే పనా?" అన్న అనుమానం మొదలవుతుంది. నైపుణ్యం అలా కాదు, పని మారుతూ ఉన్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది. కెరీర్ తొలి రెండు మూడేళ్లలో చూపించుకోవడానికి వేరే ఏమీ ఉండదు కాబట్టి పేరుకు బరువు ఎక్కువ. ఏడెనిమిదేళ్ల తర్వాత ఏం చేశావన్న ప్రశ్న ముందుకొస్తుంది.

రెండోది, వడపోత ఎంత కఠినమో తెలిసినవాళ్ల దగ్గరే పేరు పూర్తిగా చెల్లుతుంది. ఒకే కంపెనీలోకి వేర్వేరు తలుపులుంటాయి. కోర్ టీమ్‌కు ఐదు రౌండ్ల ఇంటర్వ్యూ, ఆపరేషన్స్‌కు రెండు రౌండ్లు, కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లకు ఒకటి. బయటివాళ్లకు ఈ తేడాలు తెలియవు. కానీ తర్వాతి ఉద్యోగం ఇచ్చేది బయటివాళ్లు కారు, అదే రంగంలో పదేళ్లుగా మనుషుల్ని తీసుకుంటున్న మేనేజర్లు. వాళ్లకు ఏ టీమ్ పేరు చెబితే ఏమిటో తెలుసు. అందుకే బంధువులు గుర్తుపడతారా అన్నది పేరుకు సరైన పరీక్ష కాదు. తర్వాత ఎవరి దగ్గర పని కావాలో వాళ్లు ఈ టీమ్ పేరు విని ఏమనుకుంటారన్నదే పరీక్ష. కొన్నిసార్లు సామాన్యులెవరూ వినని చిన్న కంపెనీకి ఆ రంగంలో పెద్ద మర్యాద ఉంటుంది.

పేరు మన చేతుల్లో లేనిదన్న సంగతి కూడా కలుపుకోవాలి. మనం ఏ తప్పూ చేయకపోయినా, కంపెనీకి చెడ్డపేరు వస్తే అది మన రెజ్యూమెలోకీ పాకుతుంది. అప్పట్లో ప్రపంచంలోని అయిదు అతిపెద్ద ఆడిటింగ్ సంస్థల్లో ఒకటైన ఆర్థర్ ఆండర్సన్, తాను ఆడిట్ చేసిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ లెక్కల కుంభకోణం తర్వాత 2002లో కుప్పకూలింది. అందులో పనిచేసిన వేలమందిలో దాదాపు ఎవరికీ ఎన్‌రాన్ ఖాతాలతో సంబంధం లేదు. అయినా ఏళ్ల తరబడి గౌరవం తెచ్చిన పేరు నెలల వ్యవధిలో వివరణ ఇచ్చుకోవాల్సిన పేరైంది. నేర్చుకున్న ఆడిటింగ్ మాత్రం వాళ్ల దగ్గరే ఉంది, వాళ్లను వేరే సంస్థలు తీసుకున్నదీ దాన్ని చూసే.

ఏ నైపుణ్యం మనతో వస్తుంది

గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త 1960లలో చేసిన ఒక విభజన ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. పనిలో నేర్చుకునేవాటిలో కొన్ని ఎక్కడైనా పనికొస్తాయి, కొన్ని ఆ ఒక్క సంస్థలోనే పనికొస్తాయి. మొదటి రకానికి బయట గిరాకీ ఉంటుంది. రెండో రకం లోపల మనల్ని విలువైనవాళ్లను చేస్తుంది కానీ గేటు దాటగానే దాని ధర సున్నా. చిక్కేమిటంటే, రోజూ పనిచేస్తున్నప్పుడు ఈ రెండూ ఒకేలా అనిపిస్తాయి. సంస్థ సొంత టూల్‌లో ఆరితేరినవాళ్లకు తోటివాళ్ల మెప్పు దొరుకుతుంది, సందేహం వస్తే అందరూ వాళ్లనే అడుగుతారు. తాము ఎదుగుతున్నామని వాళ్లు నమ్మడంలో తప్పేమీ లేదు. మొదటిసారి బయట ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడే ఆ నమ్మకం కుదుపుకు లోనవుతుంది.

సంస్థకే పరిమితమయ్యేవి టూళ్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. చుట్టూ ఉన్న మనుషులు, వ్యవస్థ కూడా మన పనితీరులో భాగమే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన బోరిస్ గ్రాయ్స్‌బర్గ్ బృందం 1988 నుంచి 1996 దాకా అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో పనిచేసిన వెయ్యికి పైగా స్టార్ స్టాక్ అనలిస్టుల దారిని గమనించింది. కంపెనీ మారినవాళ్లలో 46 శాతం మందికి, మారిన తర్వాతి ఏడాది పనితీరు పడిపోయింది. తెలివి తగ్గి కాదు. పాత చోట వెనకున్న టీమ్, సమాచార వనరులు, పని పద్ధతులు వాళ్లతో రాలేదు. తమ టీమ్‌ను వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లు ఒంటరిగా వెళ్లినవాళ్లకంటే మెరుగ్గా చేశారు. అంటే ప్రతిభ అనుకున్నదాంట్లో ఒక భాగం ఆ సీటుకు చెందినది. ఒక ఉద్యోగంలో మనకు రాబోయే ఫలితాల్లో మన వాటా ఎంత, సీటు వాటా ఎంత అని ముందే ఆలోచించుకోవాలి అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

మన వాటా ఎంతో తేల్చే చోటు ఇంటర్వ్యూలో మూడో ప్రశ్న. మొదటి ప్రశ్న "ఏం చేశారు?" దానికి రెజ్యూమె వాక్యమే జవాబు. రెండోది "ఎలా చేశారు?" అది కూడా పక్కన కూర్చుని చూసినవాళ్లు చెప్పగలరు. మూడోది "అలాగే ఎందుకు చేశారు?" అది తాను నిర్ణయం తీసుకున్నవాళ్లకే తెలుస్తుంది.

రవాణా కంపెనీ వాక్యాన్నే తీసుకుందాం. అనుభవమున్న మేనేజర్ అది చదివి ఊరుకోడు. "నాలుగే డిపోలు కదా. రెండింటిలో కొత్త నియమం, రెండింటిలో పాతది పెట్టి పోల్చితే, తేడా నియమం వల్ల వచ్చిందో డిపోల మధ్య ఉన్న తేడా వల్ల వచ్చిందో మీకెలా తెలిసింది?" అని అడుగుతాడు. సరైన ప్రశ్నే. ఒక డిపో పరిధిలో ట్రాఫిక్ తక్కువ ఉండొచ్చు, ఇంకోదాంట్లో డ్రైవర్లు పాతకాపులు కావచ్చు. పని నిజంగా చేసినవాళ్ల దగ్గర దీనికి జవాబుంటుంది: "అందుకే నాలుగు వారాలయ్యాక తారుమారు చేశాం. కొత్త నియమం ఉన్న డిపోల్లో పాతది పెట్టాం, పాతది ఉన్నచోట కొత్తది పెట్టాం. రెండు విడతల్లోనూ కొత్త నియమం ఉన్నవైపే ఆలస్యాలు తగ్గాయి. మధ్యలో పండుగ రద్దీ పడిన వారాన్ని లెక్కలోంచి తీసేసి కూడా చూశాం." ఈ జవాబు చెప్పగలిగిన మనిషికి రవాణా రంగంతో సంబంధం లేని కంపెనీ కూడా ఉద్యోగం ఇస్తుంది. ఎందుకంటే అక్కడ వినిపించినది పార్సిళ్ల గురించి కాదు. తక్కువ డేటాతో, సరిగ్గా కుదరని పరిస్థితుల్లో నమ్మదగిన పోలిక ఎలా చేయాలన్న తెలివి వినిపించింది.

పెద్ద కంపెనీ వాక్యానికి మూడో ప్రశ్న వేస్తే? "ఆ డాష్‌బోర్డులో ఆ కొలమానమే ఎందుకు పెట్టారు?" "అది ముందునుంచీ ఉందండీ." ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఈ జవాబుతో అభ్యర్థి మీద కోపం రాదు, చిన్నచూపూ రాదు. రాసుకోవడానికి మాత్రం ఏమీ దొరకదు.

న్యాయంగా చెప్పాలంటే, పెద్ద కంపెనీలో తప్ప దొరకని నైపుణ్యాలూ ఉన్నాయి. కోట్లలో రికార్డులున్న డేటాతో పని, నలభైమంది అనలిస్టులు ఒకరి పనిని ఒకరు తప్పులు పట్టే అలవాటు, ఒక ప్రయోగాన్ని మొదలుపెట్టే ముందు కాగితం మీద పెట్టి వాదించే క్రమశిక్షణ, ఇవన్నీ చిన్నచోట ఒంటరిగా నేర్చుకోవడం చాలా కష్టం. చిన్న కంపెనీలో ఒక్కరే అనలిస్ట్ అయితే అన్నీ చేతికొస్తాయి, తప్పు చేస్తే చెప్పేవాళ్లు ఉండరు. రెండేళ్లు తప్పుడు పద్ధతిలో నమ్మకంగా పనిచేసి, మూడో ప్రశ్న దగ్గర దొరికిపోయినవాళ్లూ ఉన్నారు. అందుకే చిన్న కంపెనీ ఆఫర్ వచ్చినప్పుడు "నా పనిని ఎవరు చూస్తారు?" అన్నది తప్పక తేల్చుకోవాలి.

అదే సీట్లోంచి లేచి వెళ్లినవాళ్లు

మన అంచనా సరైనదో కాదో చూసుకోవడానికి ఒక బయటి ఆధారం ఉంది. ఆ సీట్లో ఇంతకుముందు కూర్చున్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? లింక్డిన్‌లో కంపెనీ పేరు, హోదా పేరు పెట్టి, మాజీ ఉద్యోగులను వెతికితే పది పదిహేను దారులు దొరుకుతాయి. వాటిని చదివే తీరులోనే అసలు జాగ్రత్త ఉంది.

పెద్ద కంపెనీ మాజీల్లో చాలామంది మంచి స్థానాల్లో కనిపిస్తారు. దాన్నిబట్టి ఆ కంపెనీయే వాళ్లను అక్కడికి చేర్చిందని అనుకోకూడదు. వాళ్లలో కొందరు అక్కడికి రాకముందే బలమైనవాళ్లు, ఎక్కడ ఉన్నా అక్కడికే చేరేవాళ్లు. పైగా ముందుకు వెళ్లినవాళ్లు ప్రొఫైల్ తాజాగా ఉంచుతారు, ఆగిపోయినవాళ్లది వెతుకుడులో పైకి రాదు. కాబట్టి చేరేటప్పుడు మనలాగే ఉన్నవాళ్లను ఏరుకోవాలి: దాదాపు అంతే అనుభవం, అలాంటి చదువు, అదే హోదా, అదే టీమ్. అలా ఏరితే పదిహేను కాస్తా నాలుగైదవుతాయి. ఆ నాలుగైదే నిజమైన ఆధారం.

మన ఉదాహరణలో ఆమెకు అలా ఐదుగురు దొరికారనుకుందాం. ముగ్గురు వేరే కంపెనీల్లో మళ్లీ ఆపరేషన్స్ అనలిస్టులుగానే చేరారు, అంటే పక్కకు జరిగారు. ఇద్దరు మాత్రం ప్రొడక్ట్ అనలిస్టులయ్యారు. ఆ ఇద్దరి ప్రొఫైల్ దగ్గరగా చూస్తే ఒక సంగతి కనిపించింది. ఇద్దరూ బయటికి వెళ్లకముందే అదే కంపెనీలో వేరే టీమ్‌కు మారారు. అంటే ఆ పేరున్న కంపెనీలో దారి ఉంది, కానీ అది ఈ సీటు నుంచి నేరుగా బయటికి లేదు, లోపలి బదిలీ మీదుగా ఉంది. ఇప్పుడు పెద్ద కంపెనీ ఆఫర్ విలువంతా ఒక్క ప్రశ్న మీదికి వచ్చింది: లోపలి బదిలీ ఎంత తేలిక?

ఆమె హెచ్ఆర్‌ను అడిగింది. పద్దెనిమిది నెలల తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు, ప్రస్తుత మేనేజర్ అనుమతి కావాలి, ఖాళీ ఉండాలి అని జవాబొచ్చింది. గత ఏడాది ఈ టీమ్ నుంచి ఎంతమంది అలా మారారని అడిగితే, "ఒకరు మారారనుకుంటా" అన్నారు. టీమ్‌లో ఇరవైరెండుమంది ఉన్నారు. నియమం కాగితం మీద ఉండటం వేరు, దాన్ని వాడుకున్నవాళ్లు ఉండటం వేరు. ఇరవైరెండులో ఒకరు అన్న లెక్కను ఆమె తన అవకాశంగా తీసుకోవడమే సరైనది. "నేను బాగా చేస్తాను కాబట్టి నాకు వస్తుంది" అనుకోవడం సహజం, కానీ మిగతా ఇరవైఒక్కమందీ అలాగే అనుకుని చేరి ఉంటారు.

రెండో కంపెనీ మాజీలు ముగ్గురే దొరికారు. ఒకరు ప్రొడక్ట్ అనలిస్ట్ అయ్యారు, ఒకరు పెద్ద ఈ-కామర్స్ సంస్థలో సప్లై చెయిన్ అనలిస్ట్, ఇంకొకరు ఇదే రంగంలోని పోటీ కంపెనీకి వెళ్లారు. ముగ్గురితో ఏ గట్టి నిర్ణయానికీ రాలేం. అయినా ముగ్గురిలో ఇద్దరు సరుకు రవాణాకే దగ్గరగా ఉండిపోయారన్నది హెచ్చరిక. చేసిన పనిని రంగం మాటల్లో కాకుండా పద్ధతి మాటల్లో చెప్పుకోకపోతే, బయటివాళ్లు మనకు ఆ రంగం ముద్ర వేసేస్తారు.

ఆమె తేల్చుకున్నది

ఈ వివరాలన్నీ పక్కపక్కన పెడితే రెండో ఆఫరే బలంగా ఉంది. అది కూడా ఉన్నదున్నట్టుగా తీసుకుంటే కాదు, రెండు లోపాలు సరిచేసుకుంటేనే. పదిహేను శాతం జీతం వదులుకోవడం చిన్న విషయం కాదు. అప్పులు, కుటుంబ బాధ్యతలు ఉన్నవాళ్లకు ఆ తేడాయే నిర్ణయాన్ని మార్చేయవచ్చు, అది తప్పేమీ కాదు. ఆమెకు అంత టెన్షన్ లేదు కాబట్టి తర్వాతి ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకోగలిగింది. ఇదే మనిషి అప్పుడే చదువు ముగించి వచ్చి ఉంటే, అనుభవం సున్నా కాబట్టి, మొదటి ఆఫర్‌లో ఏడాదిన్నర గడిపి పేరు తెచ్చుకుని బయటపడటం మేలని చెప్పాల్సి వచ్చేది. మూడేళ్లు ఇప్పటికే పనిచేసింది కాబట్టి ఆమెకు కొరతగా ఉన్నది పేరు కాదు, చెప్పుకోవడానికి ఒక నిర్ణయం.

ఈ అంచనాకు అందనివీ ఉన్నాయి. మేనేజర్ ఆరు నెలల్లో మానేయవచ్చు, కంపెనీ మనుషుల్ని తగ్గించవచ్చు, చేస్తామన్న పని పక్కకు పోవచ్చు. వాటిని ముందే కనిపెట్టలేం, కానీ ఆలస్యం కాకుండా పసిగట్టొచ్చు. ఆరు నెలలకోసారి ఆ నాలుగు వాక్యాలను నిజంగా జరిగినవాటితో మళ్లీ రాయాలి. వరుసగా రెండుసార్లు కొత్త వాక్యం ఏదీ చేరకపోతే నేర్చుకోవడం ఆగిందని అర్థం. రిక్రూటర్ల మెసేజ్‌లు ఇంకో సూచిక. వాళ్లు ఏ హోదాల కోసం అడుగుతున్నారో రాసిపెట్టుకుంటే, మార్కెట్ మనల్ని ఏమనుకుంటోందో తెలుస్తుంది. ప్రొడక్ట్ అనలిస్ట్ కావాలనుకుంటూ ఉంటే, వచ్చేవన్నీ రిపోర్టింగ్ ఉద్యోగాలే అయితే ప్రొఫైల్లోని మాటలో, పనో, రెండూనో తప్పుదారిలో ఉన్నట్టు.

ఆమె సరిచేసుకోవాల్సిన మొదటి లోపం హోదా పేరు. రవాణా కంపెనీ ఆఫర్ లెటర్లో "ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్" అని ఉంది. వాళ్లకు పాతనుంచి ఉన్న పేరు అది. రిక్రూటర్ జల్లెడలో అది పట్టదు, ఎంత మంచి పని చేసినా ప్రొఫైల్ తెరమీదకు రాదు. రెండో లోపం, పనిని సరిచూసేవాళ్లు ఒక్కరే ఉండటం. ఆ మేనేజర్ వెళ్లిపోతే ఆమె పని గురించి లోపల మాట చెప్పేవాళ్లూ ఉండరు, తప్పులు చూపేవాళ్లూ ఉండరు.

అందుకే ఒప్పుకునే ముందు ఆమె పంపిన మెయిల్లో జీతం మాట లేదు. హోదా "డేటా అనలిస్ట్"గా మార్చాలని, డిపోల్లో పరీక్ష మొదలుపెట్టకముందే గత ఆరు నెలల ఆలస్యాల లెక్క తీసి పెట్టుకునే వీలు ఇవ్వాలని, నెలకోసారి ఆపరేషన్స్ హెడ్‌కు, ఇంజనీరింగ్ హెడ్‌కు తన విశ్లేషణను తానే వివరించే మీటింగ్ ఉండాలని రాసింది. మొదటిదానికి హెచ్ఆర్ ఆ రోజే ఒప్పుకుంది, వాళ్లకు అందులో ఖర్చేమీ లేదు. రెండోదానికి మేనేజర్ "ఆ లెక్క మాక్కూడా కావాలి" అంది. మూడోదానికి వారం పట్టింది. చివరికి రెండు నెలలకోసారి అని కుదిరింది, సంతకం ఆ తర్వాతే పెట్టింది.